ఆరు కుందేళ్లు, ఒక తూకం, ఒక థర్మామీటరు: కొవ్వు లేని మాంసం వంట డైరీ

ఈ డైరీ ఉద్దేశం ఒక్కటే. కుందేలు మాంసాన్ని కోడి మాంసంలాగే వండి, ఎండిన పీచును నమలవలసి వచ్చిన వారికి ఆ తప్పు ఎక్కడ జరుగుతుందో అంకెలతో చూపించాలి. నేను ఆరు కుందేళ్లను వండాను. అందులో ఐదు పెంపకంలో పెరిగినవి, ఒకటి అడవిలో పెరిగినది. మొదటి మూడింటిలో ఎక్కువ భాగం చెడింది కాబట్టి డైరీలో ఎక్కువ చోటు వాటికే దక్కింది.

పేరు గురించి ఒక మాట. వేటమాంసం అంటే మన వాడుకలో చాలామందికి మేక మాంసమే గుర్తుకు వస్తుంది. అందుకని అడవిలో తిరిగిన జంతువుల మాంసాన్ని ఇక్కడ అడవి మాంసం అనే రాస్తున్నాను.

పనిముట్లు

1. ఒక గ్రాము వరకు తూచే వంటింటి త్రాసు.
2. సన్నని సూది ఉన్న డిజిటల్ థర్మామీటరు. లావు సూది కుందేలు వెన్ను కండకు పనికిరాదని తర్వాత తెలిసింది.
3. పదో వంతు గ్రాము వరకు తూచే చిన్న త్రాసు. ఇది మూడో దశలో ఉప్పు తూచడానికి అవసరమైంది.
4. ఓవెన్, బరువైన మూత ఉన్న మందపాటి గిన్నె, పెనం.
5. సన్నని, పదునైన కత్తి.

కొలత పద్ధతి అన్ని దశల్లోనూ ఒకటే. పచ్చి ముక్కను తడి తుడిచి తూచాను, ఉడికిన తర్వాత మళ్లీ తుడిచి తూచాను, తగ్గిన బరువును శాతంగా రాసుకున్నాను. మెత్తదనాన్ని మాత్రం అంకెలో పెట్టలేదు. ఫోర్కు గుచ్చి తిప్పితే కండ విడివడుతోందా, లేక ఫోర్కును పట్టుకుని వెనక్కి లాగుతోందా అన్నదే నా పరీక్ష.

1వ దశ: కుందేలును కోడిలాగా కాల్చడం

శుభ్రం చేసిన పెంపకం కుందేలు బరువు 1,240 గ్రాములు. పక్కన పోలికకు 1,300 గ్రాముల కోడిని చర్మంతో సహా తీసుకున్నాను. రెండింటికీ పైపైన ఉప్పు రాసి, 200 డిగ్రీల ఓవెన్‌లో ఒకదాని తర్వాత ఒకటి కాల్చాను. థర్మామీటరు సూదిని తొడ కండ మధ్యలో పెట్టాను. మొదటిసారి సూది ఎముకకు తగిలి తప్పు అంకె చూపించింది. సూదిని అర సెంటీమీటరు వెనక్కి లాగిన తర్వాతే నమ్మదగిన అంకె వచ్చింది.

కుందేలు తొడ 74 డిగ్రీలకు చేరడానికి 55 నిమిషాలు పట్టింది. అదే క్షణంలో వెన్ను కండలో సూది గుచ్చితే 83 డిగ్రీలు చూపించింది. బయటకు తీసి తూస్తే 815 గ్రాములే ఉంది, అంటే 34.3 శాతం బరువు పోయింది. కోడి 1,300 నుంచి 960 గ్రాములకు దిగింది, అది 26.2 శాతం.

రుచి చూసినప్పుడు తేడా ఈ అంకెల కంటే ఎక్కువగా కనిపించింది. కుందేలు వెన్ను కండ పొడిగా, దారాలు దారాలుగా విడిపోయింది. ఎంత నమిలినా నోట్లో తడి ఊరలేదు. తొడ కండ మాత్రం దానికి పూర్తిగా వ్యతిరేకంగా, ఇంకా గట్టిగా, నరాలు సాగుతూ ఉంది. ఒకే ఓవెన్‌లో ఒకే సమయంలో ఒక భాగం మాడే దాకా వచ్చింది, మరొక భాగానికి ఉడుకు చాలలేదు.

అసలు సంగతి పళ్లేలు కడిగేటప్పుడు తెలిసింది. కోడి కింద పెట్టిన పళ్లెంలో పసుపు రంగు కొవ్వు పేరుకుంది, తూస్తే 58 గ్రాములు. కుందేలు కింది పళ్లెంలో మాడిన రసం మరక తప్ప పెద్దగా ఏమీ లేదు, గీకి తీసిన కొవ్వు 6 గ్రాములు. అంటే కోడి కోల్పోయిన బరువులో గణనీయమైన భాగం కొవ్వు. కుందేలు కోల్పోయినది దాదాపు అంతా నీరే.

పోషకాహార పట్టికలు కూడా ఇదే చెబుతాయి. వంద గ్రాముల పచ్చి మాంసంలో పెంపకం కుందేలుకు సుమారు 5.5 గ్రాములు, అడవి కుందేలుకు సుమారు 2.3 గ్రాములు, జింకకు సుమారు 2.4 గ్రాములు కొవ్వు ఉంటుంది. చర్మంతో ఉన్న కోడిలో అది 15 గ్రాముల దాకా ఉంటుంది. పైగా కుందేలులో ఉన్న ఆ కొంచెం కొవ్వులో ఎక్కువ భాగం కండలో ఉండదు. మూత్రపిండాల చుట్టూ, భుజాల దగ్గర తెల్లని ముద్దలుగా అంటుకుని ఉంటుంది. శుభ్రం చేసేవారు చాలాసార్లు దాన్ని తీసి పారేస్తారు. వెన్ను కండ లోపల కొవ్వు చారలు కంటికి కనిపించవు.

ఇక్కడ నేను చాలాకాలం నమ్మిన ఒక తప్పును సరిదిద్దుకోవాలి. కొవ్వు ఉంటే మాంసంలో నీరు నిలుస్తుందని నేను అనుకునేవాడిని. నీరు పోవడానికి కారణం కండ పోగుల్లోని ప్రోటీన్లు వేడికి ముడుచుకోవడం. సుమారు 50 డిగ్రీల దగ్గర ఒక ప్రోటీను, 66 నుంచి 73 డిగ్రీల మధ్య మరొకటి బిగుసుకుంటాయి. పిండిన గుడ్డలోంచి వచ్చినట్లు కండలోంచి నీరు బయటికి వస్తుంది. కొవ్వు ఉన్న మాంసంలోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే అక్కడ కరిగిన కొవ్వు పోగుల మధ్య జారుడుగా నిలిచి, నమిలేటప్పుడు నోట్లో లాలాజలం ఊరేలా చేసి, నీరు పోయిన సంగతిని మనకు తెలియనివ్వదు. పైనున్న చర్మం కూడా ఉపరితలం నుంచి తడి ఆవిరి కావడాన్ని తగ్గిస్తుంది. కుందేలుకు ఈ రెండు రక్షణలూ లేవు కాబట్టి, కోడి మాంసం సహించే పది డిగ్రీల పొరపాటును అది సహించదు.

ఇప్పటివరకు లెక్క: కుందేళ్లు 1, పచ్చి మాంసం 1,240 గ్రాములు, సంతృప్తిగా తిన్న భాగం లేదు.

2వ దశ: ముక్కలు చేసి నీళ్లలో ఉడికించడం

పొడి వేడిలో ఎండిపోయింది కాబట్టి తడిలో ఉడికిస్తే ఎండదని అనుకున్నాను. ఇది తప్పని తేలినా, ఈ దశలో కుందేలును విడదీయడం నేర్చుకున్నాను. ఆ క్రమం ఇది.

1. మూత్రపిండాలను, వాటి చుట్టూ ఉన్న తెల్లని కొవ్వును తీసి విడిగా పెట్టాలి. పారేయవద్దు.
2. ముందు కాళ్లను శరీరం నుంచి పక్కకు లాగి, భుజపుటెముక కిందుగా కత్తిని పోనివ్వాలి. ఇవి కండతో మాత్రమే అతుక్కుని ఉంటాయి, ఎముక కోయవలసిన పని లేదు.
3. వెనుక కాలును బయటికి విరిచి, తొడ కీలు గుండు బయటపడ్డాక దాని చుట్టూ కోయాలి.
4. పక్కటెముకలు ముగిసే చోట వెన్నెముకను అడ్డంగా కోసి, నడుము భాగాన్ని వేరు చేయాలి.
5. నడుముకు రెండు వైపులా వేలాడే పలుచని పొట్ట కండను కోసి రసం కోసం ఉంచాలి.

కత్తితో సరిపోయే చోట గొడ్డలికత్తి వాడవద్దు. నేను వెన్నెముకను గట్టిగా నరకడంతో సూదుల్లాంటి ఎముక ముక్కలు కండలో ఇరుక్కున్నాయి. కుందేలు ఎముక సన్నగా, పెళుసుగా ఉంటుంది. ఆ ముక్కలను వేలితో తడిమి ఏరడానికే పావుగంట పట్టింది.

రెండో కుందేలు బరువు 1,190 గ్రాములు. అన్ని ముక్కలనూ ఒకే గిన్నెలో వేసి, మునిగేంత నీరు పోసి, గంటా పావు తెరలనిచ్చాను. ఎముకతో ఉన్న నడుము భాగం 302 గ్రాముల నుంచి 190 గ్రాములకు దిగింది, 37.1 శాతం. రెండు వెనుక కాళ్లు కలిపి 404 గ్రాముల నుంచి 268 గ్రాములకు దిగాయి, 33.7 శాతం. నీళ్లలో మునిగి ఉన్న మాంసం ఓవెన్‌లో కాల్చిన దానికంటే తక్కువేమీ కోల్పోలేదు. కండ పోగు ముడుచుకోవడం దాని లోపలి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది తప్ప చుట్టూ నీరుందా గాలి ఉందా అన్నదాన్ని బట్టి కాదు.

అయినా తొడ మాత్రం ఈసారి కొంత మెత్తబడింది. ముందు కాళ్లు ఇంకా బాగా వచ్చాయి. నడుము కండ ఎప్పటిలాగే దారాలుగా ఉంది. ఇక రెండింటినీ కలిపి వండే ప్రయత్నం మానేసి, విడివిడిగా పరీక్షించాలని నిర్ణయించుకున్నాను.

ఇప్పటివరకు లెక్క: కుందేళ్లు 2, పచ్చి మాంసం 2,430 గ్రాములు, బాగున్నవి ముందు కాళ్లు రెండే.

3వ దశ: వెన్ను కండ, ఉప్పు, ఉష్ణోగ్రత

వెన్నెముకకు రెండు వైపులా పొడవుగా ఉండే కండ కుందేలులో అన్నిటికంటే సున్నితమైనది. జంతువు శరీరాన్ని మోసే పని దీనికి తక్కువ కాబట్టి ఇందులో పోగులను కట్టి ఉంచే కొల్లాజెన్ తక్కువ. ఎక్కువసేపు ఉడికించి మెత్తబరచవలసింది ఇందులో ఏమీ లేదు. వేడి పెంచిన కొద్దీ నష్టమే.

దీన్ని ఎముక నుంచి తీశాక, పైన మెరిసే పలుచని తెల్లటి పొర కనిపిస్తుంది. దాన్ని తీయకుండా వండితే వేడికి ఆ పొర కండ కంటే ఎక్కువగా ముడుచుకుని ముక్క వంకర తిరుగుతుంది. కత్తి మొనను పొర కిందికి పోనిచ్చి, అంచును కొంచెం పైకి వంచి, పొరను మరో చేత్తో బిగించి పట్టుకుని కోస్తే కండ వృథా కాకుండా వస్తుంది.

మూడో కుందేలు (1,210 గ్రాములు) వెన్ను కండలు రెండూ ఈ దశలో చెడిపోయాయి. ఒకదాన్ని 5 శాతం ఉప్పు నీటిలో 24 గంటలు ఉంచాను. అంత చిన్న ముక్కకు అది చాలా ఎక్కువ సమయం. వండాక నిల్వ మాంసంలాగా బిగువుగా, రబ్బరులాగా, తినలేనంత ఉప్పగా అయింది. రెండో దాన్ని పుల్లటి వెనిగర్ నీటిలో రాత్రంతా ఉంచాను. పుల్లదనం మాంసాన్ని మెత్తబరుస్తుందన్న మాట ఎక్కువమంది చెబుతారు. కోసి చూస్తే అంచు నుంచి సుమారు మూడు మిల్లీమీటర్ల వరకు కండ తెల్లబారి పిండిగా మారింది, దాని లోపల మాత్రం ఏ మార్పూ లేదు, పొడిదనం కూడా తగ్గలేదు. పులుపు రుచి కోసం కలుపుకోవచ్చు, అరగంట చాలు. ఎండిపోవడానికి అది మందు కాదు.

నాలుగో కుందేలు (1,200 గ్రాములు) నుంచి సరైన పోలిక చేశాను. వెన్ను కండలు రెండూ 94 గ్రాములే తూగడం అదృష్టం. మొదటి దానికి బరువులో 1.2 శాతం, అంటే 1.1 గ్రాముల ఉప్పును పొడిగా రాసి, మూత పెట్టి 12 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాను. రెండో దాన్ని ఉప్పు లేకుండా అదే ఫ్రిజ్‌లో ఉంచాను. వండే ముందు రెండింటినీ సగానికి కోశాను. పెనం మీద మధ్యస్థ మంట, అన్నింటికీ ఒకే కొలత నూనె.

1. ఉప్పు లేని ముక్క, లోపల 71 డిగ్రీలు: 48 గ్రాముల నుంచి 36.5, నష్టం 24 శాతం.
2. ఉప్పు రాసిన ముక్క, 71 డిగ్రీలు: 47 నుంచి 40, నష్టం 14.9 శాతం.
3. ఉప్పు లేని ముక్క, 80 డిగ్రీలు: 46 నుంచి 31, నష్టం 32.6 శాతం.
4. ఉప్పు రాసిన ముక్క, 80 డిగ్రీలు: 47 నుంచి 35.5, నష్టం 24.5 శాతం.

మొదటి, నాలుగో వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. ఉప్పు రాసి తొమ్మిది డిగ్రీలు మించి వండిన ముక్క, ఉప్పు లేకుండా సరిగ్గా వండిన ముక్కతో సమానంగా నిలిచింది. ఉప్పు కండ పోగుల్లోని ప్రోటీన్‌ను కొంత కరిగించి, వేడికి అంతగా ముడుచుకోకుండా చేస్తుంది. కొవ్వు లేని మాంసంలో మనం చేసే పొరపాట్లను ఈ ఉప్పు కొంత కాచుకుంటుంది. ముందు రాత్రి ఉప్పు రాయడం నా వంటలో వచ్చిన అతి పెద్ద మార్పు.

71 డిగ్రీలనే ఎందుకు ఎంచుకున్నానో కూడా చెప్పాలి. కుందేలుకు, అడవి జంతువుల మాంసానికి అమెరికా ఆహార భద్రతా అధికారులు సూచించే కనీస లోపలి ఉష్ణోగ్రత 71 డిగ్రీలు. దానికంటే తక్కువలో కండ ఇంకా రసంగా ఉంటుంది. అయినా నా డైరీలో ఆ దారి తీసుకోలేదు, ఇతరులకూ సూచించను. ఆ అంకెకు చేరుస్తూనే ఎంత రసం నిలబెట్టగలమన్నదే ఇక్కడి పరీక్ష.

సూదిని ఎలా గుచ్చాలన్నది ముఖ్యం. వెన్ను కండ మందం సుమారు మూడు సెంటీమీటర్లే. పై నుంచి గుచ్చితే సూది మొన పెనానికి దగ్గరగా వెళ్లి ఎక్కువ అంకె చూపిస్తుంది. ముక్క చివరి నుంచి పొడవునా మధ్య గీతలో గుచ్చాలి. 68 డిగ్రీల దగ్గర దించి మూత పెడితే రెండు మూడు నిమిషాల్లో 71కి చేరుతుంది. చేరకపోతే మళ్లీ పెనం మీద పెట్టాలి.

ఇప్పటివరకు లెక్క: కుందేళ్లు 4, పచ్చి మాంసం 4,840 గ్రాములు, వెన్ను కండకు నిలిచిన పద్ధతి దొరికింది. రెండు కుందేళ్ల వెనుక కాళ్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

4వ దశ: వెనుక కాళ్లు, ఓపిక

కాలు రోజంతా పని చేసే కండ. దాని పోగుల మధ్య కొల్లాజెన్ బలంగా అల్లుకుని ఉంటుంది. సుమారు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర అది ముడుచుకుని గట్టిపడుతుంది, 70 డిగ్రీలు దాటిన తర్వాత నిదానంగా కరిగి జెలటిన్ అవుతుంది. మొదటి దశలో 74 డిగ్రీల వద్ద తొడ గట్టిగా ఉండడానికి కారణం ఇదే. అది ముడుచుకునే దశ దాటింది, కరిగే దశకు సమయం దొరకలేదు.

మూడో కుందేలు కాళ్లలో ఒకదాన్ని తెర్లే నీటిలో, మరొకదాన్ని 85 డిగ్రీల దగ్గర నిలిపిన రసంలో మూత పెట్టి ఉడికించాను. 85 డిగ్రీలంటే నీటి మీద అక్కడక్కడ ఒక్కో బుడగ లేచి పగిలే స్థితి. మంట మీద దాన్ని నిలపడం కష్టమై చివరికి గిన్నెను ఓవెన్‌లోకి మార్చాను. ఓవెన్‌ను 110 డిగ్రీలకు పెడితే నా గిన్నెలో రసం 84 నుంచి 88 మధ్య నిలిచింది. మీ గిన్నెలో వేరుగా ఉండవచ్చు, థర్మామీటరు పెట్టి సరిచూసుకోండి.

తెర్లిన కాలు గంటా పది నిమిషాలకు ఫోర్కుకు లొంగింది. 208 గ్రాములు 131 అయింది, నష్టం 37 శాతం. నిదానంగా ఉడికినది గంటా యాభై నిమిషాలు తీసుకుంది. 206 గ్రాములు 144 అయింది, నష్టం 30.1 శాతం. మొదటిది ఎముక నుంచి ఊడి వచ్చింది కానీ పోగులు చివికి, నోట్లో పొడిగా తగిలాయి. రెండోది ముక్కగానే నిలిచి, ఫోర్కు తిప్పితే పొరలుగా విడిపోయింది. ఈ నలభై నిమిషాలను ఎవరైనా ఆదా చేయాలనుకుంటే ఆ ఏడు శాతం రసాన్ని వదులుకోవాలి.

నాలుగో కుందేలు కాళ్లతో మరొక సంగతి చూశాను. రెండింటినీ 85 డిగ్రీల పద్ధతిలోనే వండి, ఒకదాన్ని వేడిగా బయటకు తీశాను, రెండోదాన్ని రసంలోనే 40 నిమిషాలు చల్లారనిచ్చాను. వేడిగా తీసినది 205 నుంచి 143 గ్రాములకు దిగింది, 30.2 శాతం. రసంలో చల్లారినది 204 నుంచి 151 గ్రాములకు దిగింది, 26 శాతం. వేడి మాంసం బయటికి తీయగానే ఆవిరి రూపంలో తడిని పోగొట్టుకుంటుంది. రసంలో ఉన్నది అలా పోగొట్టుకోకపోగా, చల్లారే కొద్దీ కొంత రసాన్ని తిరిగి పట్టుకుంటుంది. ఇక వేడిగా తీయడం మానేశాను.

కొవ్వు విషయం ఇక్కడే తేలాలి. కుందేలు కాలు రసంలోకి వదిలేది జెలటిన్‌ను మాత్రమే, కొవ్వును కాదు. అందుకే రసంలో కొవ్వును మనమే కలపాలి. అరకిలో మాంసానికి 25 గ్రాములు చాలు. మూత్రపిండాల చుట్టూ తీసి పెట్టిన తెల్లని కొవ్వును కరిగించి వాడితే కుందేలు రుచే నిలుస్తుంది, అది చాలకపోతే వాసన లేని నూనె కలపాలి. మాంసం ముక్క పైన కొవ్వు పలకలు కప్పితే కొవ్వు లోపలికి ఇంకుతుందని అంటారు, కానీ అది ఇంకదు. పైపొర ఎండకుండా కాపాడుతుంది, తినేటప్పుడు నోటికి జారుడు ఇస్తుంది. ఆ రెండు మేళ్లూ అవసరమైనవే. ముక్కలను విడదీసి, చిక్కబడిన రసంలో మళ్లీ కలిపితే జెలటిన్, కొవ్వు కలిసి ప్రతి పోగునూ కప్పుతాయి.

5వ దశ: అడవి కుందేలు

వేట అనుమతి ఉన్న ఒక పరిచయస్థుడు శుభ్రం చేసి ఇచ్చిన అడవి కుందేలు 760 గ్రాములే తూగింది. వండే ముందు చేతులకు తొడుగులు వేసుకోవడం తప్పనిసరి. అడవి కుందేళ్ల నుంచి తులరేమియా అనే బ్యాక్టీరియా జబ్బు పచ్చి మాంసం తాకిన చేతి గాయాల ద్వారా సోకగలదు. బాగా ఉడికించిన మాంసంతో ఆ ప్రమాదం ఉండదు. వంటింట్లో ఎక్కువ ప్రమాదం పచ్చి మాంసాన్ని పట్టుకునే సమయంలోనే.

పక్కపక్కన పెట్టగానే తేడా కనిపించింది. పెంపకం కుందేలు కండ లేత గులాబీ రంగులో ఉంది, దీనిది ముదురు ఎరుపు. పరిగెత్తి బతికిన కండలో ఆక్సిజన్ నిలవ చేసే ఎర్రని పదార్థం ఎక్కువ. మూత్రపిండాల దగ్గర కొవ్వు ఆవగింజంత కూడా లేదు. ఒక తొడలో రక్తం గడ్డకట్టిన చోట వేలు పెట్టి తడిమితే రెండు తూటా గుళ్లు దొరికాయి. గడ్డకట్టిన చోటంతా కోసి తీసేశాను. అక్కడి చేదు రుచిని ఏ మసాలా కప్పలేదు.

వెన్ను కండలు ఒక్కొక్కటి 52 గ్రాములే. నాలుగో కుందేలు ముక్క ఆరు నిమిషాలు తీసుకున్న పెనం మీద ఇది నాలుగు నిమిషాలకే 68 డిగ్రీలు దాటింది. గడియారం చూస్తూ కూర్చుని ఉంటే తప్పకుండా ఎండిపోయేది. కాళ్లు దీనికి పూర్తిగా ఎదురు. ఒక్కొక్కటి 128 గ్రాముల చిన్న కాలు అయినా, పెంపకం కాలు మెత్తబడిన గంటా యాభై నిమిషాలకు ఇది ఫోర్కును వెనక్కి లాగింది. రెండున్నర గంటలకు ఇంకా బిగువే. మూడు గంటల పది నిమిషాలకు లొంగింది.

కారణం వయసు. పెంపకం కుందేళ్లను సాధారణంగా రెండు మూడు నెలల వయసులోనే వధిస్తారు. వయసు పెరిగే కొద్దీ కొల్లాజెన్ పోగుల మధ్య అడ్డ కట్లు బలపడి, కరగడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. అడవి జంతువు వయసు మనం ఎంచుకునేది కాదు. చర్మంతో దొరికితే చెవి చూడవచ్చు, లేత కుందేలు చెవి సులభంగా చిరుగుతుంది, ముదురుది చిరగదు. నాకు దొరికినది చర్మం తీసినది కాబట్టి ఫోర్కు తప్ప వేరే దారి లేకపోయింది. అందుకే కాళ్లకు నిమిషాల లెక్క రాయడం నాకు ఇష్టం లేదు. రెండు గంటలకు మొదలుపెట్టి ప్రతి అరగంటకూ పరీక్షించాలి.

ఇంత కొవ్వు తక్కువగా ఉండే మాంసానికి వంటను మించిన సంగతి కూడా ఒకటి ఉంది. కొవ్వు గానీ పిండిపదార్థం గానీ లేకుండా, ఇలాంటి మాంసం మాత్రమే రోజుల తరబడి తింటే ఎంత తిన్నా ఆకలి తీరదు, విరేచనాలు, నీరసం వస్తాయి. ఉత్తర ధ్రువ ప్రాంతంలో తిరిగిన అన్వేషకుడు విల్హ్యాల్మర్ స్టెఫాన్సన్ దీన్ని కుందేలు ఆకలి అన్న పేరుతో వర్ణించాడు. ప్రోటీన్ నుంచి వచ్చే నత్రజనిని యూరియాగా మార్చడంలో కాలేయానికి ఒక పరిమితి ఉండడమే దీనికి మూలం. పక్కన అన్నమో రొట్టో, కొంచెం కొవ్వో ఉన్న భోజనంలో ఇది సమస్య కాదు.

ఇప్పటివరకు లెక్క: కుందేళ్లు 5, పచ్చి మాంసం 5,600 గ్రాములు, కాలు మెత్తబడిన సమయం గంటా యాభై నిమిషాల నుంచి మూడు గంటల పది నిమిషాల వరకు.

6వ దశ: ఒకే కుందేలు, రెండు వంటలు

ఆరో కుందేలు 1,230 గ్రాములు. ఈసారి చేసిన క్రమం ఇది.

1. ముందు రాత్రి విడదీసి, వెన్ను కండల నుంచి తెల్లపొర తీసి, ముక్కలన్నిటికీ వాటి బరువులో 1.2 శాతం ఉప్పు రాసి ఫ్రిజ్‌లో ఉంచాను.
2. ఎముకలు, పొట్ట కండతో రసం కాచి వడకట్టాను.
3. వెనుక కాళ్లు, ముందు కాళ్లను కరిగించిన కొవ్వులో రెండు వైపులా ఎర్రబడేదాకా వేయించి, రసం పోసి, మూత పెట్టి 110 డిగ్రీల ఓవెన్‌లో ఉంచాను.
4. గంటన్నరకు ముందు కాళ్లు, గంటా నలభై ఐదు నిమిషాలకు వెనుక కాళ్లు లొంగాయి. గిన్నెను బయటపెట్టి 40 నిమిషాలు రసంలోనే వదిలేశాను.
5. కాళ్లు తీసి, రసాన్ని సగానికి మరిగించి, కాళ్లను మళ్లీ అందులో వేశాను.
6. చిట్టచివర, అందరూ కూర్చున్న తర్వాత, వెన్ను కండలను పెనం మీద పెట్టి 68 డిగ్రీలకు దించి, 71 చూసుకున్నాకే అడ్డంగా, పోగులకు ఎదురుగా కోశాను.

కాళ్లు 420 గ్రాముల నుంచి 312కి దిగాయి, 25.7 శాతం. వెన్ను కండలు ఒక్కొక్కటి 96 గ్రాముల నుంచి 82, 81.5 అయ్యాయి, సుమారు 15 శాతం. మొదటి దశలో మొత్తం కుందేలు పోగొట్టుకున్నది 34.3 శాతం.

ఇతర అడవి మాంసాలకు ఇందులో ఏది పనికివస్తుంది

జింక మాంసంతో రెండుసార్లు మాత్రమే పని చేశాను కాబట్టి నేను చూసినంతవరకే రాస్తాను. వెన్ను కండ త్వరగా, భుజం నిదానంగా అన్న సూత్రం అలాగే నిలిచింది, ఉప్పు లెక్క కూడా. కొవ్వు సంగతి మాత్రం మారింది. కుందేలు కొవ్వును దాచుకుంటాం, జింక కొవ్వును కోసి పారేస్తాం. అది చల్లబడిన వెంటనే గడ్డకట్టి పైదవడకు మైనంలా అంటుకుంటుంది, అడవి వాసన కూడా దానిలోనే ఎక్కువ. అందుకే దాన్ని తీసి, మరొక కొవ్వును చేరుస్తాం. జింక ఖీమాకు కొవ్వు కలపకుండా ఉండలు చేస్తే పెనం మీద పగుళ్లు తీసి రాలిపోయాయి. బరువులో 15 శాతం కొవ్వు కలిపిన ఉండలు నిలిచాయి.

అడవి బాతు రొమ్ము కండ కుందేలు వెన్ను కండకు దగ్గరి బంధువు. పెంపకం బాతు చర్మం కింద ఉండే మందపాటి కొవ్వు పొర దానికి ఉండదు కాబట్టి, పెంపకం బాతు వంటను చూసి చర్మాన్ని నిదానంగా కరిగించడానికి కూర్చుంటే కండ బూడిద రంగుకు వస్తుంది. అడవి పంది, ఎలుగుబంటి మాంసాలలో ట్రైకినెల్లా పురుగు ఉండవచ్చు కాబట్టి వాటిని లోపల 71 డిగ్రీలకు తప్పక చేర్చాలి, రసం కోసం అక్కడ బేరం లేదు.

తుది లెక్క: కుందేళ్లు 6, పచ్చి మాంసం 6,830 గ్రాములు. వెన్ను కండ నష్టం ఉప్పు లేని 80 డిగ్రీల ముక్కలో 32.6 శాతం నుంచి చివరికి 15కి, కాళ్ల నష్టం 37 నుంచి 25.7కి వచ్చాయి. ఫ్రిజ్‌లో ఇంకా ఒక గిన్నెడు రసం మిగిలింది. ఉదయం మూత తీసి చూస్తే జెలటిన్ గట్టిగా పేరుకుని, చెంచా వేస్తే వణికింది.